మూడు పూటల లెక్క: రోజుకు ఎంత పని పెట్టుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

పగలంతా ఆఫీసు పని, రాత్రి అమెరికా టీముతో కాల్స్. హైదరాబాదులో, విశాఖలో, బెంగళూరులో ఇలా పనిచేసే తెలుగువాళ్లు చాలామంది. ఈ ప్రశ్నలూ జవాబులూ ముఖ్యంగా వాళ్లకోసం. రాత్రి కాల్స్ లేనివాళ్లకు కూడా లెక్క ఇదే, కాకపోతే వాళ్ల పని సులువు.

పూట లెక్క అంటే ఏమిటి?

రోజును గంటలుగా కాకుండా ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అని మూడు పూటలుగా చూసి, ఒక్కో పూటకు ఎంత పని పడుతుందో ముందే తేల్చుకోవడం. మన ఇళ్లలో ఈ కొలత కొత్తదేమీ కాదు. మందులు పూటకొకటి వేసుకుంటాం, ఎండాకాలంలో బడులు ఒంటిపూట నడుస్తాయి, కూలికి వెళ్లేవాళ్లు ఒక పూట పని, రెండు పూటల పని అనే మాట్లాడుకుంటారు. ఆ కొలతనే డెస్కు పనికి తెచ్చుకుంటున్నాం.

ఇందులో తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ రోజు బుర్ర పెట్టి చేయాల్సిన పనులు ఎన్ని పెట్టుకోవచ్చు? రెండా, ఒకటా, అసలు వద్దా? మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకుంటాయి.

గంటల వారీగా టైంటేబుల్ వేసుకుంటే తప్పేమిటి?

క్యాలెండర్‌లో 10 నుంచి 11 గంటల గడి, 3 నుంచి 4 గంటల గడి ఒకే సైజులో కనిపిస్తాయి. మనిషి మాత్రం ఆ రెండు గంటల్లో ఒకేలా ఉండడు. పైగా పొద్దున ఒక గడి ఇరవై నిమిషాలు జరిగితే కిందివన్నీ జరుగుతాయి. సాయంత్రానికి ఆరు గడులు మిగిలిపోతాయి, వాటిని రాత్రి భోజనం తర్వాత పూర్తిచేద్దామని కూర్చుంటాం. అలసట పేరుకోవడం అక్కడే మొదలవుతుంది.

పూట పద్ధతిలో గడియారం చూడాల్సిన చోట్లు మూడే: మధ్యాహ్న భోజనానికి లేచేటప్పుడు, సాయంత్రం ఆఫీసు పని ముగించేటప్పుడు, లాప్‌టాప్ చివరిసారి మూసేటప్పుడు. పూట లోపల పనులు అటూ ఇటూ జరిగినా ఫరవాలేదు. పూట దాటి మాత్రం జరగకూడదు.

ఒక పూటలో నిజంగా ఎంత పని పడుతుంది?

అనుకున్నదానికన్నా చాలా తక్కువ. ఒక మామూలు ఉదయాన్నే తీసుకుందాం. 9 నుంచి 1 వరకు నాలుగు గంటలు, అంటే 240 నిమిషాలు. అందులో రోజువారీ స్టాండప్ మీటింగ్ 30 నిమిషాలు. మెయిళ్లు, చాట్‌లో వచ్చే ప్రశ్నలకు 40. టిఫిన్ గిన్నె కడగడం, టీ, లేచి నాలుగడుగులు వేయడం కలిపి 30. మిగిలింది 140. ఇందులో పావు వంతు, అంటే 35 నిమిషాలు, అనుకోకుండా వచ్చే వాటికి వదిలేయాలి. ఎవరో ఫోన్ చేస్తారు, నెట్ ఆగిపోతుంది, గ్యాస్ సిలిండర్ వస్తుంది. చివరికి చేతిలో మిగిలేది 105 నిమిషాలు.

అంటే నాలుగు గంటల ఉదయంలో గట్టిగా పట్టేది 90 నిమిషాల పని ఒక్కటి. దీన్నే ఇక్కడ ఒక విడత అంటున్నాం. మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు చాలామందికి నమ్మబుద్ధి కాదు. ఆ పావు వంతును తీసేసి, దాన్లో కూడా పని నింపాలనిపిస్తుంది. నింపితే ఆ పావు వంతు ఆటంకం రాకుండా పోదు, వచ్చి సాయంత్రాన్ని తినేస్తుంది.

మీ ఉదయాన్ని ఇలాగే మీ అంకెలతో ఒకసారి కాగితం మీద తీసివేసుకోండి. మధ్యాహ్నానికి కూడా వేరుగా వేయండి. ఎక్కువమందికి రెండు పూటల్లోనూ ఒక్కో విడతే మిగులుతుంది. కాబట్టి మంచి రోజున కూడా పై హద్దు రెండు విడతలే.

ఏది బుర్ర పని, ఏది చిల్లర పని?

మధ్యలో పది నిమిషాలు ఆపేసి మళ్లీ కూర్చుంటే ఏమవుతుందో చూడండి. ఆగిన చోటు నుంచి వెంటనే అందుకోగలిగితే అది చిల్లర పని. మళ్లీ మొదటి నుంచి చదువుకోవాల్సి వస్తే బుర్ర పని. టైంషీట్ నింపడం, మీటింగ్ నోట్స్ పంపడం, సెలవు అప్లికేషన్, ఫైళ్లు సర్దడం చిల్లర పనులు. కొత్త టెస్ట్ కేసులు రాయడం, తప్పు ఎక్కడుందో వెతకడం, ఎవరో రాసిన కోడ్ చదివి తప్పులు చెప్పడం బుర్ర పనులు.

కష్టమైన మీటింగ్ కూడా బుర్ర పనే. క్లయింటుకు మీరే గంటసేపు వివరించాల్సి ఉంటే దాన్ని మీటింగ్ ఖాతాలో వేసి వదిలేయకండి, ఒక విడత కింద రాసుకోండి. ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడే.

రేపు ఎన్ని విడతలు పెట్టుకోవాలో ఎలా తెలుస్తుంది?

ముందు ఈ రోజు సాయంత్రం చూడండి. రేపటి ఉదయం ఎలా ఉంటుందన్నది రేపటి పట్టుదల కన్నా ఈ రాత్రి లాప్‌టాప్ ఎన్నింటికి మూశారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ పద్ధతిలో వారాన్ని సాయంత్రాల నుంచి వెనక్కి నింపుకుంటూ వస్తాం.

కాల్ అయిపోగానే నిద్ర రాదు. అరగంట ఇంగ్లీషులో వాదించి వచ్చిన బుర్ర చల్లబడటానికి కనీసం ఒక గంట పడుతుంది. 9:30కి కాల్ ముగిస్తే 11 లోపల పడుకోవచ్చు, ఉదయం 6:30కి లేచినా ఏడున్నర గంటల నిద్ర దక్కుతుంది. 11కి ముగిస్తే పడుకునేసరికి 12:30. పిల్లల స్కూలు బస్సు మన కాల్‌ను చూసి ఆలస్యంగా రాదు కాబట్టి లేవడం మాత్రం 6:30కే. దక్కింది ఆరు గంటలు.

దీన్నిబట్టి సాయంత్రాలను మూడు రకాలుగా విడదీయండి. ఎనిమిది లోపల పని మూసేస్తే ఖాళీ సాయంత్రం. మరుసటి రోజు రెండు విడతలు పెట్టుకోవచ్చు. 9:30 ప్రాంతంలో ముగిస్తే మామూలు సాయంత్రం, మరుసటి రోజు ఒక్క విడత. 10:30 దాటితే బరువు సాయంత్రం, మరుసటి రోజు సున్నా. సున్నా అంటే సెలవు కాదు. మీటింగులకు వెళ్తారు, చిల్లర పనులన్నీ ఆ రోజే తీరుస్తారు, కానీ బుర్ర పని ఎవరికీ మాట ఇవ్వరు. మధ్యాహ్నం ఓపిక మిగిలి ఏదైనా చేస్తే అది లాభం.

8 నుంచి 9:30 మధ్య ముగిస్తే మామూలు సాయంత్రం కిందే, 9:30 నుంచి 10:30 మధ్య ముగిస్తే బరువు సాయంత్రం కిందే వేసుకోండి. అనుమానం ఉన్నప్పుడు తక్కువ విడతల వైపు మొగ్గడమే మంచిది. ఇంకో నియమం కూడా ఉంది. రెండు బరువు సాయంత్రాలు వరుసగా రానివ్వకండి. తప్పక వస్తే మూడోది ఖాళీగా ఉండి తీరాలి.

నా అంచనాలే ఎప్పుడూ తప్పుతాయి. అప్పుడెలా?

అందరివీ తప్పుతాయి. పని ఎంతసేపు పడుతుందో మనిషి తక్కువగా ఊహించుకునే ఈ అలవాటు గురించి మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే రాశారు. ఇలాంటి పని గతంలో ఎంతసేపు పట్టిందో తెలిసి కూడా, ఈసారి మాత్రం సాఫీగా సాగుతుందనే అనుకుంటాం. మనసు మార్చుకోవడం కష్టం గానీ అంకెను సరిదిద్దుకోవడం సులువు.

ఒక వారం పాటు ప్రతి బుర్ర పని పక్కన రెండు అంకెలు రాయండి: మొదలుపెట్టే ముందు అనుకున్న నిమిషాలు, నిజంగా పట్టిన నిమిషాలు. వారం చివర రెండు వరుసలూ కూడి, పట్టిన మొత్తాన్ని అనుకున్న మొత్తంతో భాగించండి. 400 అనుకుంటే 600 పట్టిందనుకోండి, మీ గుణకం ఒకటిన్నర. ఆ తర్వాత వేసే ప్రతి అంచనాను ఒకటిన్నరతో హెచ్చించండి. చిల్లర పనులకు ఈ రాత అవసరం లేదు, అన్నీ రాయబోతే మూడో రోజుకే నోట్‌బుక్ మూలన పడుతుంది.

ఒక వారం మొత్తం లెక్క వేసి చూపిస్తారా?

హైదరాబాదులో పనిచేసే ఒక టెస్టర్ అనుకుందాం. శుక్రవారం సాయంత్రం రిలీజ్. ఈ వారం ఆమె ముందున్న బుర్ర పనులు నాలుగు. కొత్త టెస్ట్ కేసులు రాయాలి, రెండు విడతలు పడతాయని ఆమె అంచనా. పాత డిఫెక్టులు ఎందుకు తిరిగి వస్తున్నాయో తేల్చాలి, ఒక విడత. జూనియర్ రాసిన స్క్రిప్టులు సరిచూడాలి, ఒక విడత. అప్రైజల్ ఫారం రాసుకోవాలి, అదీ ఒక విడత. మొత్తం ఐదు. రోజుకొకటి చొప్పున హాయిగా అయిపోయేలా ఉంది.

ఆమె గుణకం ఒకటిన్నర. టెస్ట్ కేసులు మూడు విడతలు అవుతాయి, మిగతా మూడూ ఒకటిన్నర చొప్పున. అంటే ఐదు కాదు, ఏడున్నర.

ఇప్పుడు సాయంత్రాలు. ఆదివారం ఖాళీ, కాబట్టి సోమవారానికి రెండు విడతలు. సోమవారం మామూలు కాల్ ఉంది, కాబట్టి మంగళవారానికి ఒకటి. మంగళవారం రాత్రి క్లయింట్ రివ్యూ 11 దాకా సాగుతుంది, కాబట్టి బుధవారం సున్నా. బుధవారం సాయంత్రం ఏ కాలూ పెట్టుకోలేదు, గురువారానికి రెండు. గురువారం మామూలు కాల్, శుక్రవారానికి ఒకటి. మొత్తం ఆరు.

ఏడున్నర కావాలి, ఆరే ఉన్నాయి. ఏది ఆగగలదు? అప్రైజల్ ఫారంకు గడువు వచ్చే వారం వరకు ఉంది. దాన్ని తీసేస్తే సరిగ్గా ఆరు మిగులుతాయి. టెస్ట్ కేసులు సోమ, మంగళవారాల్లో పూర్తి, అంటే మంగళవారం రాత్రి రివ్యూలో చూపించడానికి సిద్ధం. గురువారం డిఫెక్టుల పని, మిగిలిన అర విడతలో స్క్రిప్టులు మొదలు. శుక్రవారం స్క్రిప్టులు పూర్తి. బుధవారం టైంషీట్లు, మెయిళ్లు, రిలీజ్ చెక్‌లిస్టు.

ఈ లెక్కకు ఆదివారం సాయంత్రం పదిహేను నిమిషాలు చాలు. పని పట్టదన్న సంగతి సోమవారం ఉదయమే తెలుస్తుంది. లెక్క లేకపోతే అదే సంగతి గురువారం రాత్రి 10 గంటలకు తెలుస్తుంది.

మధ్యలో కాల్ మారిపోతే మొత్తం పోయినట్టేనా?

కాదు. పై ఉదాహరణలోనే మంగళవారం రివ్యూ బుధవారానికి జరిగిందనుకోండి. ఇప్పుడు మంగళవారం సాయంత్రం ఖాళీ అయింది, కాబట్టి బుధవారానికి రెండు విడతలు వచ్చాయి. బుధవారం సాయంత్రం బరువైంది, కాబట్టి గురువారం సున్నా. మొత్తం ఇంకా ఆరే. గురువారం అనుకున్నదాన్ని బుధవారానికి తెచ్చుకుంటే సరిపోతుంది.

కాల్ వేరే రోజుకు మారడం కాకుండా ఇంకొకటి అదనంగా పడితేనే అసలు నష్టం. గురువారం రాత్రి కూడా 11 దాకా కాల్ పడిందంటే శుక్రవారం విడత పోయినట్టు. అప్పుడు ఆ కాల్‌కు ఒప్పుకునేటప్పుడే స్క్రిప్టుల పని సోమవారానికి వెళ్తుందని చెప్పాలి. రెండూ జరుగుతాయని చెప్పి శుక్రవారం ఉదయం నిద్రమత్తులో స్క్రిప్టులు చూస్తే, వదిలేసిన తప్పు రిలీజ్ తర్వాత బయటపడుతుంది.

మధ్యాహ్నం భోజనం చేయగానే బుర్ర పనిచేయదు. అన్నం మానేయాలా?

అన్నం ఒక్కటే కారణం కాదు. మన శరీరంలోని గడియారం వల్ల 1 నుంచి 4 మధ్యలో చురుకు ఎలాగూ కొంత తగ్గుతుంది, భోజనం చేయకపోయినా తగ్గుతుంది. కడుపు నిండా తింటే, అంతకుముందు రాత్రి నిద్ర తక్కువైతే ఆ పల్లం ఇంకా లోతవుతుంది. కాబట్టి అన్నం కొంచెం తగ్గించి కూర, పప్పు పెంచుకుంటే మేలే గానీ, ఆ సమయాన్ని జయించాలని చూడకండి.

2 నుంచి 3:30 వరకు చిల్లర పనులు పెట్టుకోండి. మధ్యాహ్నం విడత ఉంటే 3:30 తర్వాత మొదలుపెట్టండి. ఇంట్లో ఉంటే ఇరవై నిమిషాలు కునుకు తీయొచ్చు, అలారం పెట్టుకుని. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారి, లేచాక ఇంకాసేపు తల దిమ్ముగా ఉంటుంది.

టీ, కాఫీల సంగతి కూడా సాయంత్రం లెక్కలోకే వస్తుంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, మనిషిని బట్టి ఎక్కువ తక్కువ ఉంటుంది. కాల్‌కు ముందు 7 గంటలకు తాగిన కాఫీ అర్ధరాత్రికి కూడా సగం మిగిలే ఉంటుంది. చివరి కప్పు 3:30 విడతకు ముందు తాగితే మంచిది.

మార్చిలో, నవంబరులో నా లెక్క తప్పిపోతోంది. ఎందుకు?

అమెరికాలో గడియారాలు మారతాయి కాబట్టి. మార్చి రెండో ఆదివారం వాళ్లు గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. న్యూయార్క్‌లో ఉదయం 9:30కి జరిగే మీటింగ్ వాళ్ల వేసవిలో మనకు సాయంత్రం 7 గంటలకు, చలికాలంలో రాత్రి 8 గంటలకు వస్తుంది. కాలిఫోర్నియా టీముతో పనైతే ఇంకా కష్టం. అక్కడి ఉదయం 9 గంటలు మనకు వేసవిలో రాత్రి 9:30, చలికాలంలో 10:30.

అంటే నవంబరు నుంచి మార్చి దాకా మీ మామూలు సాయంత్రాలు కొన్ని మీకు తెలియకుండానే బరువు సాయంత్రాలు అయిపోతాయి. కాల్ పేరు అదే, వారంలో రోజూ అదే, కానీ మరుసటి రోజు ఒక విడత పోతుంది. నవంబరు మొదటి వారంలో సాయంత్రాలన్నీ మళ్లీ కొత్తగా రాసుకోండి.

మార్చిలో ఇది తిరగబడుతుంది. కాల్స్ గంట ముందుకు జరిగి సాయంత్రాలు తేలికవుతాయి, కానీ సరిగ్గా అదే రోజుల్లో తెలుగు రాష్ట్రాల్లో ఒంటిపూట బడులు మొదలవుతాయి. చిన్నపిల్లలు మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేస్తారు. ఇంటి నుంచి పనిచేసే తల్లిదండ్రులకు మధ్యాహ్నం విడత ఇక లేనట్టే. ఆ నెలన్నర రోజుకు ఒకే విడతతో లెక్క వేసుకుంటే సరిపోతుంది.

ఉదయం పూట మొత్తం పాడైతే?

కరెంటు పోయింది, పిల్లకు జ్వరం వచ్చింది, పై అధికారి అర్జెంటు అన్నారు. ఉదయం విడత పోయింది. దాన్ని మధ్యాహ్నం 3:30కి పెట్టుకోవచ్చు, అక్కడ అప్పటికే ఏమీ లేకపోతేనే. ఉంటే రెండింట్లో ఒకటి రేపటికి. సాయంత్రానికి మాత్రం నెట్టకండి. 9 గంటలకు కాల్ అయ్యాక మొదలుపెట్టిన విడత 11కి ముగుస్తుంది, రేపు సున్నా అవుతుంది. ఒక్క విడతను కాపాడబోయి మరుసటి రోజు విడతను పోగొట్టుకున్నట్టు.

మేనేజర్ ఇంకో పని ఇస్తే ఎలా చెప్పాలి?

అలసిపోయానని చెప్తే అది మీ సమస్యలా వినిపిస్తుంది. విడతల్లో చెప్తే పని సమస్యగా కనిపిస్తుంది. "ఈ వారం నా చేతిలో ఆరు ఉన్నాయండి, ఆరూ నిండాయి. ఇది తీసుకుంటే ఒకటిన్నర కావాలి. స్క్రిప్టుల పని సోమవారానికి జరపమంటారా, ఇది జరపమంటారా?" అని అడగండి. ఎంచుకునేది వాళ్లు కావాలి. ఇంకో పని తీసుకోక తప్పకపోతే, దానికి సాటి వచ్చే ఖాళీ సాయంత్రాన్ని అదే సంభాషణలో అడిగి తీసుకోండి.

నాకు ఉదయం కన్నా రాత్రే బాగా సాగుతుంది. నాకు పనికొస్తుందా?

వస్తుంది, లేచే సమయం మీ చేతిలో ఉంటే. 9 గంటలకు లేచేవాళ్లు పూటలన్నిటినీ రెండు మూడు గంటలు ఆలస్యంగా మొదలుపెట్టుకోవచ్చు. 6:30కి లేవక తప్పనివాళ్లకు మాత్రం రాత్రి చురుకు అప్పు లాంటిదే. మీరు ఏ కోవకు చెందుతారో సెలవుల్లో నాలుగో రోజు నుంచి అలారం లేకుండా ఎప్పుడు లేస్తున్నారో చూస్తే తెలుస్తుంది. మొదటి మూడు రోజులు పాత నిద్ర బాకీ తీరడానికే పోతాయి.

శని, ఆదివారాలకు కూడా రాయాలా?

రాయాల్సింది ఒక్కటే: ఆదివారం సాయంత్రం ఖాళీగా ఉందా లేదా. ఊరి నుంచి రాత్రి బస్సులో వచ్చి సోమవారం తెల్లవారుజామున దిగితే అది బరువు సాయంత్రమే. సంక్రాంతికి వెళ్లి వచ్చిన మర్నాడు రెండు విడతలు పెట్టుకుని కూర్చోవడం వల్లే ఆ వారమంతా చితికిపోతుంది.

ఇది మామూలు అలసటా, బర్నౌటా?

నోట్‌బుక్ చూడండి. ఒక ఖాళీ సాయంత్రం, నిండు నిద్ర తర్వాత మరుసటి రోజు విడత బాగా సాగితే అది అలసట. వరుసగా మూడు ఖాళీ సాయంత్రాలు వచ్చినా విడత ముందుకు కదలకపోతే, సమస్య షెడ్యూలు దాటింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను నిర్వచించింది. దాన్ని జబ్బు అనలేదు, అదుపులోకి రాని దీర్ఘకాలపు పని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది. మూడు లక్షణాలు చెప్పింది: ఒంట్లో శక్తి ఇంకిపోవడం, పని మీద విముఖత లేదా విరక్తి, చేసే పనిలో పనితనం తగ్గడం. మొదటిది నిద్రతో కొంత తగ్గవచ్చు. మిగతా రెండూ పూటలు సర్దుకున్నంత మాత్రాన తగ్గవు, అక్కడ పని పరిమాణమో, పని చోటో మారాలి.

రక్తహీనత, థైరాయిడ్, మధుమేహం కూడా ఇలాంటి నీరసాన్నే తెస్తాయి, కాబట్టి ముందు డాక్టరును కలిసి రక్తపరీక్షలు చేయించుకోండి. నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే, ఇంట్లోవాళ్లతో మాట్లాడటానికి కూడా మనసు రాకపోతే, కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది ఉచితం, ఏ వేళకైనా పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు.